ఫస్ట్ మెసేజ్‌లో ఒక్క లోపమే చెప్పండి!

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారా? వెబ్ పేజీలు రాయడం, ఫొటోలు తీయడం, లెక్కలు చూడటం, డిజైన్.. ఇలా ఏదో ఒక పని చేతిలో ఉందా? ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూనే సొంతూరి వ్యాపారాలకు సలహాదారుగా, అదే కన్సల్టెంట్‌గా పనిచేయొచ్చు. అయితే చాలామంది మొదటి మెట్టు మీదే జారిపోతారు. పని రాక కాదు, పరిచయం లేని యజమానికి తొలి మెసేజ్ ఎలా పంపాలో తెలియక.

మార్కాపురంలో ఓ పలకరాయి వ్యాపారి ఫోన్‌లో రోజూ కనిపించే మెసేజ్ ఇలా ఉంటుంది: ‘డియర్ సార్, మేము డిజిటల్ మార్కెటింగ్, ఎస్‌ఈవో, సోషల్ మీడియా, లోగో డిజైన్ సర్వీసులు అందిస్తాం. మీ బిజినెస్‌ను నెక్ట్స్ లెవెల్‌కి తీసుకెళ్తాం. ఒక కాల్ మాట్లాడదామా?’ ఈ మెసేజ్‌లో ఆ వ్యాపారి గురించి ఒక్క ముక్క లేదు. రాయి అమ్మేవాళ్లకైనా, రొయ్యలు అమ్మేవాళ్లకైనా ఇదే పంపొచ్చు. ఆయన చదివేదీ అలాగే, సగంలో ఆపేసి పక్కన పెట్టేస్తారు.

దీనికి బదులు ఆయన వ్యాపారంలో బయటికే కనిపిస్తున్న ఒక్క లోపాన్ని పట్టుకుని, దానివల్ల ఏమవుతోందో రెండు మాటల్లో చెప్పి, ఒక్క ప్రశ్న అడిగితే? ఆ మెసేజ్‌కు జవాబు వచ్చే అవకాశం ఉంటుంది. అలాంటి లోపాన్ని ఎలా కనిపెట్టాలో, ఎలా సరిచూసుకోవాలో, ఎలా రాయాలో పలకరాయి ఉదాహరణతోనే మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

ముందు సరుకు తెలియాలి

మార్కాపురం అనగానే బడిపిల్లల పలకలు గుర్తొస్తాయి. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. కానీ అదే రాయి ఇప్పుడు గోడలకు, నేలకు, ఇంటి ముందు నడకదారికి టైల్స్‌గా వెళ్తోంది. ఈ ప్రాంతపు రాతి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా మన కంభానిదే.

పలకరాయి గుణం ఒకటి మీరు తెలుసుకోవాలి. ఇది పొరలు పొరలుగా చీలుతుంది. ఉలి పెట్టి కొడితే పొర వెంట విడిపోతుంది. గ్రానైట్‌లా రంపంతో ఒకే మందంలో కోసుకుంటూ పోయే రాయి కాదు. అందుకే చేత్తో చీల్చిన ముక్కలన్నీ ఒకే మందంలో రావు. ఒకటి 10 మిల్లీమీటర్లు ఉంటే, పక్కది 14 ఉండొచ్చు, ఇంకోటి 18 ఉండొచ్చు. మందం సమానంగా కావాలంటే వెనక వైపు మెషిన్ మీద అరగదీయాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటారు. దానికి అదనపు ఖర్చవుతుంది.

ఈ చిన్న సంగతి తెలియకపోతే, ఇప్పుడు చెప్పబోయే లోపం మీ కంటికి లోపంలాగే కనిపించదు.

కొనేవాడి కళ్లతో చూడండి

ఓ వ్యాపారిని ఊహించుకుందాం. మార్కాపురంలో యార్డు ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో ఒక పేజీ ఉంది. ఆ పేజీలో ఆరు ఫొటోలు, కింద ఈ వివరాలు: ‘నేచురల్ స్లేట్ స్టోన్. సైజు: 1 అడుగు x 1 అడుగు, 2 x 1. మందం: 10–20 ఎంఎం. ధర: సంప్రదించండి.’

మామూలుగా మీరు ఏం గమనిస్తారు? ఫొటోలు మసకగా ఉన్నాయని, లోగో పాతదని, వెబ్‌సైట్ లేదని. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ వీటిలో ఏది ఆయనకు ఆర్డర్ పోగొడుతోందో మీరు చెప్పలేరు. అందుకే కాసేపు మీ చదువును పక్కన పెట్టి, బెంగళూరులో ఇల్లు కట్టిస్తున్న కాంట్రాక్టర్ కుర్చీలో కూర్చోండి. 2,000 చదరపు అడుగుల గోడకు పలకరాయి అతికించాలి. ఫోన్‌లో నాలుగు పేజీలు తెరిచి చూస్తున్నాడు. రాయి ధర ఎంతో ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అంతకంటే ముందు అతనికి ఒక లెక్క కావాలి. ఈ సరుకు బరువెంత? లారీ బాడుగ ఎంతవుతుంది?

ఆ లెక్క మీరూ వేయండి. పలకరాయి ఒక ఘనపు మీటరు సుమారు 2.7 నుంచి 2.8 టన్నులు తూగుతుంది. ఆ ప్రకారం ఒక చదరపు అడుగు టైల్ 10 మిల్లీమీటర్ల మందం ఉంటే దాదాపు రెండున్నర కిలోలు. అంటే 2,000 అడుగులకు 5 టన్నులు. అదే 20 మిల్లీమీటర్లు ఉంటే చదరపు అడుగు 5 కిలోలు, మొత్తం 10 టన్నులు.

‘10–20 ఎంఎం’ అన్న మాటకు అసలు అర్థం ఇది. కొనేవాడికి రావాల్సింది 5 టన్నుల సరుకా, 10 టన్నుల సరుకా తెలియదు. చిన్న బండి చాలా, పెద్ద లారీ కావాలా తెలియదు. గోడ మీద చదరపు అడుగుకు రెండున్నర కిలోలు మోయించాలా, 5 కిలోలా తెలియదు. మేస్త్రీకి ఇంకో చిక్కు ఉంది. పక్కపక్కన పెట్టే రెండు ముక్కల మందంలో 10 మిల్లీమీటర్ల తేడా ఉంటే, గోడ సమంగా రావడానికి వెనక అంత మసాలా నింపాలి. ఇన్ని అనుమానాలున్న కాంట్రాక్టర్ ‘10–12 ఎంఎం’ అని రాసున్న ఇంకో పేజీకి వెళ్లిపోతాడు. వెళ్లిపోయిన సంగతి మన వ్యాపారికి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే ఫోనే రాలేదు.

మీరు వెతకాల్సింది ఇలాంటి లోపమే. అది బయటికి కనిపించాలి, యజమానికి మాత్రం కనిపించకుండా ఉండాలి. ఆయన రోజూ యార్డులో నిలబడి రాయిని చేత్తో పట్టుకుని చూస్తారు. ఆ పేజీని కొనేవాడిలా తెరిచి చూసే అవసరం ఆయనకు ఎందుకొస్తుంది?

పంపేముందు సరిచూసుకోండి

లోపం దొరకగానే మెసేజ్ కొట్టేయకండి. ఆయన 30 ఏళ్లుగా రాయి అమ్ముతుండొచ్చు. మీ లెక్కలో ఒక్క అంకె తప్పినా, రెండో మాట వినరు.

మొదట బరువు లెక్క. దీనికి పుస్తకం మీద ఆధారపడకండి. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి ముక్క దొరకని వీధి ఉండదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ముక్క ఒకటి తీసుకోండి. నాలుగు మూలలా వెర్నియర్ కాలిపర్‌తో మందం కొలవండి. ఫిజిక్స్ ల్యాబులో వాడిందే. నాలుగింటి సగటు తీయండి. తర్వాత కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూయండి. సగటు మందం 12 మిల్లీమీటర్లు వస్తే బరువు 3 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉండాలి. చాలా తేడా వస్తే కొలత మళ్లీ చూసుకోండి. ఒకే ముక్కలో మూలకూ మూలకూ తేడా ఉండటం కూడా మీకు అప్పుడే కనిపిస్తుంది.

రెండోది, ఆ పేజీ ఆయనదేనా? ఇది చాలామంది వదిలేసే సంగతి. పేజీని ఎప్పుడో ఓ ఏజెంటు తయారుచేసి ఉండొచ్చు. అందులోని నంబర్ మధ్యవర్తిది కావచ్చు. పేజీలో జీఎస్టీ నంబర్ ఉంటే, జీఎస్టీ పోర్టల్‌లో Search Taxpayer అన్నచోట కొట్టి చూడండి. వ్యాపారం పేరు, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో లేదో ఎవరికైనా చూపిస్తుంది. పేరు, ఊరు సరిపోతే ముందుకెళ్లండి.

మూడోది, ఇంకో ఫోన్‌లో కూడా అదే కనిపిస్తోందా? మీ స్నేహితుడి ఫోన్‌లో తెరిచి చూడండి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ‘మా పేజీలో అలా లేదే’ అని ఆయన అంటే చూపించడానికి అది అక్కరకొస్తుంది.

మెసేజ్ ఇలా రాయొచ్చు

ఇప్పుడు రాయండి. వాట్సాప్‌లో ఒకే తెరలో పట్టేంత, స్క్రోల్ చేయాల్సిన పని లేనంత ఉంటే చాలు.

‘నమస్తే అండీ. నా పేరు (మీ పేరు). మాది తర్లుపాడు. రాతి వ్యాపారాల ఆన్‌లైన్ పేజీల్లో వివరాలు సరిగ్గా రాసే పని మొదలుపెట్టాను. మీ పేజీలో స్లేట్ మందం 10–20 ఎంఎం అని చూశాను. బయటి ఊళ్లో 2 వేల అడుగులు కొనేవాళ్లకు అది 5 టన్నులో 10 టన్నులో తేలదు. లారీ బాడుగ లెక్క కట్టలేక కొందరు ఫోన్ చేయకుండానే వెళ్లిపోతుండొచ్చు. మీ దగ్గర మందం ప్రకారం ఏరి ఇచ్చే సరుకు ఉందా అండీ? ఉంటే పేజీలో ఎలా పెట్టొచ్చో ఒక నమూనా రాసి పంపుతాను. అవసరం లేదంటే ఒక మాట చెప్పండి, మళ్లీ మెసేజ్ చేయను.’

ఇందులో ఏం ఉందో, ఏం లేదో గమనించండి.

మొదటి వరుసలో పేరు, ఊరు ఉన్నాయి. మార్కాపురం ప్రాంతంలో పెద్దవాళ్లు ముందు అడిగేది ‘ఏ ఊరు బాబూ’ అనే. ఆ జవాబు మొదటే ఇచ్చేశారు. ఎక్కడి నుంచో వచ్చిన కంపెనీ మెసేజ్ కాదని అర్థమైపోతుంది.

‘మొదలుపెట్టాను’ అన్న మాట కూడా చూడండి. లేని అనుభవం చెప్పుకోలేదు. ‘వంద మంది క్లయింట్లు’ అని రాస్తే, వాళ్లలో ఒకరి పేరు చెప్పమని అడగడానికి ఆయనకు ఒక్క క్షణం చాలు.

తర్వాత ఆయన పేజీలోని మాటనే, ఉన్నదున్నట్టు, అంకెతో సహా చెప్పారు. ‘మీ పేజీ బాగాలేదు’ అనలేదు. అంకె చూడగానే మీరు నిజంగా ఆ పేజీ తెరిచారని ఆయనకు తెలుస్తుంది.

నష్టం చెప్పేచోట ‘వెళ్లిపోతుండొచ్చు’ అని ఉంది. ‘నెలకు ఇన్ని లక్షలు పోతున్నాయి’ అని లేదు. ఎంతమంది వెళ్లిపోయారో మీకు తెలియదు. తెలియని అంకె చెబితే తెలిసిన అంకె మీద కూడా నమ్మకం పోతుంది.

చివర్లో ప్రశ్న ఒక్కటే. అది కూడా ఉందనో లేదనో జవాబివ్వగలిగేది. ‘ఒక కాల్ మాట్లాడదామా’ అంటే ఆయన టైమ్ చూసుకోవాలి, మిమ్మల్ని నమ్మాలి, ఏదో అమ్ముతారని భయపడాలి. ‘ఏరి ఇచ్చే సరుకు ఉందా’ అంటే అది ఆయనకు కొట్టినపిండి. ‘ఉంది, ఎందుకు?’ అని ఒక్క మాట రాస్తే చాలు, సంభాషణ మొదలైనట్టే.

ఇక లేనివి. ఫీజు లేదు, సర్వీసుల జాబితా లేదు, ఫైల్ అటాచ్‌మెంట్ లేదు, లింకు లేదు. తెలియని నంబర్ నుంచి వచ్చిన లింకు నొక్కడానికి ఈ రోజుల్లో అందరూ భయపడుతున్నారు. వాళ్ల భయం న్యాయమైనదే.

ఎందుకు ప్రశ్న? సలహా ఎందుకు కాదు?

‘మందాన్ని రెండు రకాలుగా విడగొట్టి రాయండి’ అని నేరుగా సలహా ఇచ్చేయొచ్చు కదా అనిపించొచ్చు. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. బయట నుంచి మీకు కనిపించేది లోపం మాత్రమే. దాని వెనక కారణం కనిపించదు. ఆ కారణాలు కనీసం మూడు ఉండొచ్చు.

ఒకటి, ఆయన యార్డులో సరుకు మందం ప్రకారం వేరువేరుగానే పేర్చి ఉంది, పేజీ రాసినవాళ్లు మాత్రం అన్నీ కలిపి ఒక్క వరుసలో రాసేశారు. ఇదైతే మీ పని తేలిక.

రెండు, సరుకు నిజంగానే కలగలుపుగా ఉంది. ఏరడానికి మనుషులు, జాగా లేవు. అప్పుడు పేజీలో ‘10–12’ అని రాస్తే అది అబద్ధం అవుతుంది. లారీ దిగాక కొన్నవాళ్లు ఫోన్ చేసి గొడవపడతారు. మీ సలహా వల్ల ఆయనకు చెడ్డపేరు వస్తుంది. ఇక్కడ మారాల్సింది పేజీ కాదు, యార్డులో పని. ఆ పని మీరు చేయలేరు.

మూడు, ఆయనకు చిల్లర కొనుగోలుదారులే వద్దు. సరుకంతా ఒకరిద్దరు ఎగుమతిదారులకు ఇచ్చేస్తారు. ఫోన్లు రాకపోవడమే ఆయనకు సుఖం. మీకు లోపంలా కనిపించింది ఆయన కావాలని పెట్టుకున్న కంచె.

సలహా ఇస్తే ఈ మూడింటిలో ఒక్కదానికే సరిపోతుంది. ప్రశ్న అడిగితే మూడింటిలో ఏదో తెలిసిపోతుంది. మూడోది అని తేలితే ‘సరే అండీ, అర్థమైంది’ అని మర్యాదగా తప్పుకోండి. ఆ ఎగుమతిదారు ఎవరో, వాళ్ల పేజీ ఎలా ఉందో చూడటం మీ తర్వాతి పని. ఎగుమతిలో బరువు ఇంకా పెద్ద సమస్య. రాయి కంటెయినర్‌లో చోటు నిండకముందే బరువు పరిమితి నిండిపోతుంది.

పంపాక ఏం జరుగుతుంది?

పొద్దున యార్డులో లోడింగ్ హడావుడి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత పంపడం మేలు. ఆ నంబర్ గుమస్తా చేతిలో ఉండొచ్చు. ‘ఓనర్ గారికి చూపించగలరా అండీ’ అని ఆయన్ని కూడా గౌరవంగానే అడగండి.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. అప్పుడు కూడా ఖాళీ చేతులతో వెళ్లొద్దు. మీరు కొలిచిన టైల్ కాటా మీద ఉన్న ఫొటో ఒకటి, కింద దాని మందం, బరువు రాసి పంపండి. దానికీ జవాబు లేకపోతే ఆపేయండి. మార్కాపురం, కంభం, గిద్దలూరు.. ఒకరికొకరు తెలిసిన ఊళ్లు. వెంటపడే కుర్రాడని పేరు పడితే తర్వాత తలుపులన్నీ మూసుకుంటాయి.

ఇదే మెసేజ్‌ను పేర్లు మార్చి యాభై యార్డులకు పంపాలన్న ఆలోచన వస్తుంది. వద్దు. ఎక్కువమంది బ్లాక్, రిపోర్ట్ చేస్తే వాట్సాప్ మీ నంబర్‌నే ఆపేస్తుంది. ఇద్దరు వ్యాపారులు టీ కొట్టు దగ్గర కలిసి ఒకే మెసేజ్ చూసుకుంటే మీ శ్రమంతా వృథా. గూగుల్ రివ్యూల్లోనో, ఊరి వాట్సాప్ గ్రూపులోనో లోపం చెప్పడం అంతకంటే తప్పు. నలుగురిలో పరువు తీసినవాడికి ఎవరూ పని ఇవ్వరు.

జవాబు వచ్చిందనుకోండి. ‘ఉంది, 12 దాకా వేరే పెడతాం. నువ్వేం చేస్తావు, ఎంత తీసుకుంటావు?’ అని అడగొచ్చు. దీనికి ముందే సిద్ధంగా ఉండాలి. పనిని చిన్నగా, హద్దులతో చెప్పండి. యార్డుకు ఒకరోజు వస్తారు. ప్రతి రకం నుంచి పది ముక్కలు తీసి కొలుస్తారు. టేపు పక్కన పెట్టి ఫొటోలు తీస్తారు. పేజీలో రెండు వరుసలు రాస్తారు: ఒకటి 10–12 ఎంఎం, చదరపు అడుగు బరువు సుమారు రెండున్నర నుంచి 3 కిలోలు, రెండోది 13–20 ఎంఎం, బరువు 3 కిలోల పైనుంచి 5 దాకా, నేలకూ నడకదారికీ వాడుకోవచ్చని. ఇంతే. ఈ ఒక్క పనికి ఒక్క మొత్తం చెప్పండి. మీకు పట్టే రోజుల్ని బట్టి, బస్సు చార్జీలు కలిపి లెక్కేసుకోండి.

పని మొదలయ్యే ముందు ఒక కాగితం ఆయన గుమస్తాకు ఇవ్వండి. పేజీ చూసి ఫోన్ చేసినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ‘మందం ఎంత’ అని అడిగినవాళ్లు ఎంతమంది అని రోజూ గీతలు పెట్టమనండి. పేజీ మార్చక ముందు నెల, మార్చిన తర్వాతి నెల పోల్చండి. ఫోన్లు పెరిగితే మంచిది. ఫోన్లు పెరగకపోయినా, మందం అడిగేవాళ్లు తగ్గి నేరుగా ధర, డెలివరీ అడిగేవాళ్లు పెరిగితే పేజీ తన పని చేస్తున్నట్టే. రెండూ మారకపోతే మీరు పట్టుకున్నది అసలు లోపం కాదని ఒప్పుకోండి. ఆ మాట మీరే ముందు చెబితే రెండో అవకాశం దొరకొచ్చు.

రాయి ఒక్కటే కాదు

గిద్దలూరులో ఉన్నవాళ్లు నంద్యాల ఘాట్ వైపు వెళ్లే రోడ్డు మీద కూర్చుని చూడండి. రాత్రి కొండ ఎక్కేముందు కారు ఆపి భోజనం వెతికేవాళ్లకు, తెరిచే ఉన్న హోటల్ మ్యాప్‌లో ‘మూసి ఉంది’ అని చూపిస్తోందేమో. మార్కాపురం రోడ్ స్టేషన్‌లో దిగి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లకు, లాడ్జి నంబర్ పనిచేస్తోందో లేదో. పద్ధతి ఒకటే. కొనేవాడి కుర్చీలో కూర్చోండి, అతను ఎక్కడ ఆగిపోయాడో చూడండి, మీరే వెళ్లి సరిచూసుకోండి, కారణం మాత్రం యజమానినే అడగండి. హోటల్ విషయంలో కూడా అంతే. రాత్రి పదిన్నరకు వెళ్లి తెరిచి ఉందని మీ కళ్లతో చూశాకే మెసేజ్ రాయండి.

పంపే ముందు ఒకసారి..

• వ్యాపారి పేరు తీసేసి చదవండి. ఇంకెవరికైనా సరిపోతుంటే మళ్లీ రాయండి.

• లోపం ఒక్కటేనా? రెండోది ఉంటే తీసి నోట్‌బుక్‌లో దాచుకోండి.

• ప్రతి అంకె మీరు కొలిచిందో, చూసిందో అయి ఉండాలి.

• ప్రశ్నకు ఒక్క మాటలో జవాబివ్వొచ్చా?

• వద్దనడానికి ఆయనకు దారి ఇచ్చారా?